స్ట్రీమింగ్ క్యాంపెయిన్‌కు రీచ్, ఫ్రీక్వెన్సీ ప్లాన్: సగటు వెనక ఏముందో లెక్కకట్టే పద్ధతి

క్యాంపెయిన్ అయిపోయాక వచ్చే రిపోర్టులో సాధారణంగా రెండు అంకెలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. రీచ్, అంటే యాడ్ కనీసం ఒకసారి చేరిన ఇళ్ల వాటా, 67 శాతం; సగటు ఫ్రీక్వెన్సీ, అంటే చేరిన ఇంటికి సగటున ఎన్నిసార్లు పడిందో, 6. చూడ్డానికి బాగానే ఉంటుంది. అదే వారం ఒకరు ఫోన్ చేసి "మీ యాడ్ ఒకే ఎపిసోడ్‌లో నాలుగుసార్లు వచ్చింది, విసుగొచ్చి ఆపేశా" అంటారు. ఇంకొకరు "యాడ్ వేస్తున్నారట, నాకెప్పుడూ కనబడలేదే" అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే, రిపోర్టూ తప్పు కాదు. ఆ 6 అనేది నిజంగా ఆరుసార్లు చూసినవాళ్ల లెక్క కాదు, అంతే. ఒకసారి చూసినవాళ్లనూ, ముప్ఫైసార్లు చూసినవాళ్లనూ కలిపి తీసిన సగటు అది.

అందుకే ఈ గైడ్‌లో సగటును పక్కనపెట్టి, యాడ్ ఎన్ని ఇళ్లకు ఎన్నెన్నిసార్లు పడుతుందో ముందే అంచనా వేసే పద్ధతి చూద్దాం. ఒకే ఉదాహరణను మొదటినుంచి చివరిదాకా పట్టుకుందాం. మనకు కావలసిన ఇళ్లు 20 లక్షలు. గడువు 4 వారాలు. బడ్జెట్‌కు వచ్చేవి 80 లక్షల ఇంప్రెషన్లు, అంటే యాడ్ మొత్తం 80 లక్షల సార్లు పడుతుంది.

మొదటి అడుగు: దేనిమీద శాతం?

రీచ్ శాతం చెప్పాలంటే కింద ఒక మొత్తం సంఖ్య ఉండాలి. సగం ప్లాన్లు ఇక్కడే దారి తప్పుతాయి. ప్లాట్‌ఫామ్ సేల్స్ టీమ్ ఇచ్చే "నెలవారీ యూజర్లు" అనే అంకెలో డబ్బు కట్టి యాడ్స్ లేకుండా చూసేవాళ్లు ఉండొచ్చు, ఫోన్‌లో మాత్రమే చూసేవాళ్లు ఉండొచ్చు, ఒకే ఇంట్లో ఉన్న నాలుగు ప్రొఫైళ్లు నాలుగుగా కూడా ఉండొచ్చు. యాడ్ లేని ప్లాన్‌లో ఉన్నవాళ్లకు ఎంత బడ్జెట్ పెట్టినా మీ యాడ్ చేరదు. కాబట్టి అడగాల్సింది ఇది: "యాడ్స్ వచ్చే ప్లాన్‌లో, మా టార్గెట్‌లో, గత 4 వారాల్లో కనీసం ఒకసారి చూసిన ఇళ్లు ఎన్ని?"

తర్వాత ఒక కొలమానం ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడండి: డివైజ్, ఇల్లు, మనిషి. టీవీ తెరకు నా ఓటు ఇంటికే, ఎందుకంటే ప్లాట్‌ఫామ్ నిజంగా గుర్తుపట్టగలిగేది దాదాపు అదొక్కటే. సోఫాలో ముగ్గురు కూర్చున్నారా, ఒక్కరే ఉన్నారా అనేది సర్వేల ఆధారంగా వేసే అంచనా. ఆ గుణకాన్ని ప్లాన్ మధ్యలో కలిపితే ఇంప్రెషన్లు ఇళ్ల లెక్కలో, రీచ్ మనుషుల లెక్కలో వచ్చి, ఫ్రీక్వెన్సీ అర్థం లేని అంకెగా మిగులుతుంది. మనుషుల లెక్క కావాలంటే అంతా అయ్యాక చివర్లో ఒకసారి గుణించండి.

మన ఉదాహరణలో 80 లక్షల ఇంప్రెషన్లను 20 లక్షల ఇళ్లకు పంచితే ఇంటికి 4. ప్రతి వంద ఇళ్లకు ఎన్ని ఇంప్రెషన్లు అని లెక్కించే టీవీ ప్లానింగ్ భాషలో 400 జీఆర్‌పీలు. ఈ 4 చూడని ఇళ్లను కూడా కలుపుకున్న సగటు. రిపోర్టులో వచ్చే 6 చూసిన ఇళ్ల మీద మాత్రమే తీసిన సగటు. రెండింటినీ కలగాపులగం చేయొద్దు.

రెండో అడుగు: ఎన్నిసార్లు చాలు?

"మూడుసార్లు చూస్తే చాలు" అన్న మాట ఈ రంగంలో అందరికీ నోటికొచ్చు. హెర్బర్ట్ క్రుగ్‌మన్ 1972లో రాసినదాని నుంచి అది పుట్టింది. ఆయన చెప్పింది మాత్రం వేరు. మొదటిసారి చూసినప్పుడు "ఇదేంటి?" అనుకుంటాం, రెండోసారి "అయితే నాకేంటి?" అనుకుంటాం, మూడోది గుర్తుచేయడం, ఆ తర్వాతవన్నీ ఆ మూడోదానికి పునరావృతాలే అని ఆయన వాదన. అవి మనసులో జరిగే మూడు దశలు. మూడు ఇంప్రెషన్లు కొంటే మూడు దశలూ పూర్తవుతాయన్న హామీ అందులో లేదు. దీనికి ఎదురుగా 1990లలో ఎర్విన్ ఎఫ్రాన్ చెప్పిన రీసెన్సీ వాదం ఉంది. కొనే సమయానికి దగ్గరలో ఒక్కసారి కనబడినా పని జరుగుతుంది, కాబట్టి ఒకే ఇంటికి గుప్పించేకంటే ప్రతి వారం వీలైనన్ని ఇళ్లకు చేరమంటుంది అది.

నేను పాటించే పద్ధతి ఇది. జనానికి ఇప్పటికే తెలిసిన, తరచుగా కొనే వస్తువైతే వారానికి ఒకసారి చాలు, డబ్బంతా రీచ్‌కే. కొత్త బ్రాండ్ అయినా, యాడ్‌లో అర్థం చేసుకోవాల్సిన విషయం ఉన్నా 4 వారాల్లో కనీసం 3 సార్లు పడిన ఇళ్ల శాతాన్ని లక్ష్యంగా పెట్టుకుంటాను. దీన్నే 3+ రీచ్ అంటారు. పై హద్దు వారానికి 2, అంటే మొత్తం 8. ఇది దేవుడిచ్చిన అంకె కాదు. అయితే కింది హద్దు, పై హద్దు రెండూ రాసిపెట్టుకోకపోతే రేపు వచ్చే రిపోర్టును దేనితో పోల్చాలో తెలియదు.

మూడో అడుగు: పంపకం లెక్క

అసలు పని ఇక్కడే ఉంది. ఇంటికి సగటున 4 అన్నంత మాత్రాన ప్రతి ఇంటికీ 4 పడవు. రోజూ గంటల తరబడి చూసే ఇల్లు యాడ్ వేలంలో పదేపదే ఎదురవుతుంది. వారానికో సినిమా చూసే ఇల్లు ఒకటి రెండుసార్లు మాత్రమే దొరుకుతుంది. ఈ వంపును పట్టుకోవడానికి మీడియా ప్లానర్లు ఎప్పటినుంచో వాడుతున్నది నెగటివ్ బైనామియల్ పంపకం. దానికి రెండు అంకెలు చాలు. `m` అంటే ఇంటికి సగటు ఇంప్రెషన్లు, `k` అంటే చూడటం ఎంత ఎగుడుదిగుడుగా ఉందో చెప్పే అంకె. `k` ఎంత చిన్నదైతే ఇంప్రెషన్లు అంత కొద్ది ఇళ్లలో పోగుపడతాయి.

ఎక్సెల్‌లో `NEGBINOM.DIST` ఉంది కదా అనిపిస్తుంది. అయితే అది రెండో అంకెలోని దశాంశ భాగాన్ని కత్తిరించేస్తుంది. మనకు కావలసిన `k` తరచుగా 1 కంటే తక్కువ కాబట్టి అక్కడ పనికిరాదు. కింది రెండు సూత్రాలు చాలు. B1లో `m`, B2లో `k` పెట్టండి. A5 నుంచి కిందికి 0, 1, 2, 3... అని 100 దాకా రాసి, B6ను కిందికి లాగండి.

```
B5: =(1+$B$1/$B$2)^(-$B$2)
B6: =B5*($B$2+A6-1)/A6*$B$1/($B$1+$B$2)
```

B5లో వచ్చేది యాడ్ ఒక్కసారి కూడా పడని ఇళ్ల వాటా. B6లో ఒకసారి పడినవి, B7లో రెండుసార్లు పడినవి, అలా కిందికి.

`k` ఎక్కడినుంచి తేవాలి? అదే ప్లాట్‌ఫామ్‌లో, క్యాప్, అంటే ఒక ఇంటికి ఇన్నిసార్లకు మించి యాడ్ పడకూడదన్న హద్దు, పెట్టకుండా లేదా బాగా వదులుగా పెట్టి నడిపిన పాత క్యాంపెయిన్ రిపోర్టు తీయండి. అందులో ఇంప్రెషన్లు, రీచ్ ఉంటాయి. ఇంప్రెషన్లను మొత్తం ఇళ్లతో భాగిస్తే `m`. వందలోంచి రీచ్ తీసేసి వందతో భాగిస్తే చూడని ఇళ్ల వాటా. ఇప్పుడు గోల్ సీక్‌తో B5 ఆ అంకెకు సమానమయ్యేలా B2ను వెతికించండి. పాత రిపోర్టు లేకపోతే ప్లాట్‌ఫామ్ వాళ్ల ప్లానింగ్ టూల్ ఇచ్చిన అంచనా రీచ్‌తో ఇదే చేయొచ్చు. సాధారణంగా అది కాస్త ఉదారంగా ఉంటుందని గుర్తుంచుకోండి.

మన ఉదాహరణలో `k` 0.5 వచ్చిందనుకుందాం. 80 లక్షలూ ఒకే పెద్ద ప్లాట్‌ఫామ్‌లో, క్యాప్ లేకుండా పెడితే షీట్ ఇలా చెబుతుంది:

- ఒక్కసారి కూడా పడనివి: 33.3 శాతం
- 1 లేదా 2 సార్లు: 24.7 శాతం
- 3 నుంచి 10 సార్లు: 30.8 శాతం
- 11, అంతకంటే ఎక్కువ: 11.1 శాతం

అంటే రీచ్ 66.7 శాతం, చూసిన ఇళ్ల సగటు సరిగ్గా 6. మొదట్లో చెప్పుకున్న రిపోర్టే ఇది. ఇప్పుడు ఆఖరి వరుసను ఇంకాస్త తవ్వండి. ప్రతి వరుసలో ఇళ్ల వాటాను ఎన్నిసార్లు అన్నదానితో గుణించి కూడితే ఇంప్రెషన్లు ఎక్కడికి పోయాయో తెలుస్తుంది. 11, ఆపైన చూసిన ఆ 2.2 లక్షల ఇళ్లు సుమారు 39 లక్షల ఇంప్రెషన్లు మింగాయి. బడ్జెట్‌లో దాదాపు సగం. ఒక్కో ఇంటికి సగటున 17, 18 సార్లు. మరోవైపు 6.7 లక్షల ఇళ్లకు ఒక్కటీ అందలేదు. సగటు 6 అన్న ఒక్క అంకె ఇదంతా దాచేస్తోంది.

నాలుగో అడుగు: క్యాప్ పెట్టండి, దాంతో పని అయిపోయిందనుకోవద్దు

షీట్‌లో 8 దాటిన ప్రతి వరుసనూ 8 దగ్గర ఆపేసి మళ్లీ కూడితే, ఇంటికి 4 బదులు 2.87 ఇంప్రెషన్లే ఖర్చవుతాయి. మొత్తం 57.4 లక్షలు. రీచ్ అదే 66.7 శాతం, 3+ రీచ్ అదే 42 శాతం. 22.6 లక్షల ఇంప్రెషన్లు మిగిలాయి.

క్యాప్‌ను క్యాంపెయిన్ మొత్తానికి 8 అని కాకుండా వారానికి 2 అని పెడితే ఇంకో 5 లక్షల దాకా మిగులుతాయి, ఎందుకంటే ఒకే వారంలో ఎక్కువ చూసి మిగతా వారాలు టీవీ ముట్టని ఇళ్లు కూడా ఆగిపోతాయి. దానివల్ల 3+ కొంచెం తగ్గుతుంది. అయినా నేను వారం క్యాప్ వైపే ఉంటాను. మొత్తానికి 8 అంటే ఎక్కువగా చూసే ఇంట్లో మొదటి మూడు రోజుల్లోనే 8 అయిపోయి, మిగతా మూడున్నర వారాలు మీరు మాయమైపోవచ్చు. వారం క్యాప్‌తో పాటు రోజుకు 1 అన్న క్యాప్ కూడా పెట్టండి. ఒకే ఎపిసోడ్‌లో రెండుసార్లు రావడాన్ని ఆపేది అదే.

ఇక్కడే అసలు చిక్కు. మిగిలిన ఇంప్రెషన్లు వాటంతటవే చూడని ఇళ్లకు వెళ్లిపోవు. ఆ ఇళ్లు చూడలేదు కాబట్టే చూడని ఇళ్లయ్యాయి. అదే ప్లాట్‌ఫామ్‌లో అదే టార్గెటింగ్‌తో క్యాప్ బిగిస్తే డెలివరీ వెనకబడుతుంది. రెండో వారంలో ప్లాట్‌ఫామ్ నుంచి మెయిల్ వస్తుంది: "పేసింగ్ తక్కువగా ఉంది, క్యాప్ కాస్త పెంచుదామా?" టెన్షన్‌లో సరే అన్నారంటే మళ్లీ ఆ 11 శాతం ఇళ్లలోకే డబ్బు పోస్తున్నట్టు. క్యాప్ పెట్టేముందే మిగిలేది ఎక్కడికి మళ్లించాలో నిర్ణయించుకుని ఉండాలి.

ఐదో అడుగు: రెండో ప్లాట్‌ఫామ్ ఎంత కొత్త రీచ్ తెస్తుంది?

మిగిలిన 22.5 లక్షలను రెండో ప్లాట్‌ఫామ్‌కు ఇద్దాం. అది మన 20 లక్షల ఇళ్లలో 25 శాతానికి, అంటే 5 లక్షల ఇళ్లకు, సగటున 4.5 సార్లు చేరుతుందనుకోండి. అయితే 66.7కు 25 కలిపి 91.7 అనకూడదు. ఆ 5 లక్షల్లో చాలా ఇళ్లు మొదటి ప్లాట్‌ఫామ్‌లోనూ ఉన్నాయి.

రెండు ప్లాట్‌ఫామ్‌ల వాడకానికి సంబంధం లేదనుకుంటే లెక్క తేలిక. చూడని వాటాలను గుణించి ఒకటిలోంచి తీసేయాలి. దీన్ని సెయిన్స్‌బరీ పద్ధతి అంటారు.

```
1 - (1 - 0.667) * (1 - 0.25) = 0.75
```

అదే బడ్జెట్‌తో రీచ్ 66.7 నుంచి 75 శాతానికి వచ్చింది. కొత్తగా 1.67 లక్షల ఇళ్లు. రెండో ప్లాట్‌ఫామ్ తన రిపోర్టులో 5 లక్షల ఇళ్లని చెబుతుంది, మీకు దక్కిన కొత్తవి అందులో మూడోవంతే. ధర చూడాల్సింది కూడా ఈ మూడోవంతు మీదే. 22.5 లక్షల ఇంప్రెషన్లను 1.67 లక్షలతో భాగిస్తే కొత్త ఇంటికి 13 ఇంప్రెషన్లకు పైగా పడింది. ఇది ఎక్కువే. అయితే ఆ ఇంప్రెషన్లు మిగతా 3.33 లక్షల ఇళ్లలో కూడా పనిచేస్తాయి. మొదటి ప్లాట్‌ఫామ్‌లో ఒకటి రెండుసార్లే చూసినవాళ్లను 3 దాటిస్తాయి. 3+ మీ లక్ష్యమైతే ఇది వృథా కాదు. ఉత్త రీచ్ మాత్రమే కావాలంటే, మొదటి ప్లాట్‌ఫామ్ ప్రేక్షకులతో తక్కువ కలిసే మూడో చోటు, వెయ్యి ఇంప్రెషన్ల ధర ఎక్కువైనా, చవక పడొచ్చు.

ఈ 75 శాతాన్ని క్లయింట్‌కు మాట ఇవ్వకండి. నిజ జీవితంలో ఎక్కువ చూసే ఇళ్లే రెండు మూడు సర్వీసులు పెట్టుకుంటాయి కాబట్టి అతివ్యాప్తి సాధారణంగా ఈ లెక్కకంటే ఎక్కువే ఉంటుంది. కొత్తవి 1.67 లక్షలు కాక 1.2 లక్షలే వస్తే మొత్తం 72.7 శాతం. "72 నుంచి 75 మధ్య" అని రాయడం నయం.

ఆరో అడుగు: క్యాప్‌లు ఒకదాన్నొకటి చూసుకోవు

మొదటి ప్లాట్‌ఫామ్‌లో వారానికి 2, రెండోదాంట్లో వారానికి 2 పెట్టారు. రెండూ ఉన్న ఇంట్లో వారానికి 4 పడవచ్చు, నాలుగు వారాల్లో 16. సగటున చూస్తే ఆ ఇళ్లలో మొదటిది 3.9, రెండోది 4.5, కలిపి 9 లోపే, వారానికి రెండుకు కాస్త పైన. ఇది భరించదగ్గదే. నాలుగో ప్లాట్‌ఫామ్ చేర్చే సమయానికి మాత్రం అలా ఉండదు. అప్పుడు ఒక్కోదానికి వారానికి 1 చేయాల్సి ఉంటుంది.

పలు ప్లాట్‌ఫామ్‌ల యాడ్ స్థలాన్ని ఒకేచోట కొనిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను డీఎస్‌పీ అంటారు. అన్నిటినీ ఒకే డీఎస్‌పీ ద్వారా కొంటే ఉమ్మడి క్యాప్ పెట్టొచ్చు. అయితే ఆ డీఎస్‌పీకి ఇల్లు ఒకే గుర్తుతో కనబడితేనే అది పనిచేస్తుంది. ప్లాట్‌ఫామ్ డివైజ్ ఐడీ పంపకపోతే, ఐపీ అడ్రస్‌ను కుదించి పంపితే, ఆ ఇల్లు ప్రతిసారీ కొత్త ఇల్లే. డీల్ సంతకం చేసేముందు ఒక్క ప్రశ్న అడగండి: "బిడ్ రిక్వెస్టుల్లో ఎంత శాతానికి డివైజ్ ఐడీ వస్తుంది?" జవాబు తడబడితే ఉమ్మడి క్యాప్‌ను నమ్ముకోవద్దు, ప్లాట్‌ఫామ్ వారీ క్యాప్‌లే పెట్టుకోండి.

మరో చిన్న విషయం. అదే యాడ్ ఫైల్‌ను వేర్వేరు క్రియేటివ్ ఐడీలతో అప్‌లోడ్ చేస్తే ప్లాట్‌ఫామ్‌కు అవి వేర్వేరు యాడ్‌లు. ఒకే బ్రేక్‌లో పక్కపక్కనే అదే యాడ్ రెండుసార్లు రావడానికి తరచుగా కారణం ఇదే. అన్ని డీల్స్‌కూ ఒకే ఐడీ వాడండి.

ఏడో అడుగు: మొదటి వారమే రిపోర్టు విప్పండి

చివరిదాకా ఆగితే సరిదిద్దడానికి డబ్బు ఉండదు. షీట్‌లో `m`ను 1, 2, 3, 4 అని మారుస్తూ పోతే మొదటి ప్లాట్‌ఫామ్ రీచ్ వారం వారం ఎలా పెరగాలో వస్తుంది: 42, 55, 62, 67 శాతం. మొదటి వారంలో 42, రెండో వారంలో 13, ఆ తర్వాత 7, ఆఖరున నాలుగున్నర పాయింట్లే. క్యాప్ ఉన్నా ఈ రీచ్ మారదు, ఇంప్రెషన్లు మాత్రమే తగ్గుతాయి.

మొదటి వారం చివర్లో 42కు బదులు 36 వచ్చిందనుకోండి. దానికి సరిపడే `k` సుమారు 0.3. దాన్ని షీట్‌లో పెడితే 4 వారాల రీచ్ 67 కాదు, 55 దగ్గరే ఆగుతుంది. "ఆరు పాయింట్లేగా, పుంజుకుంటుందిలే" అనుకోవద్దు. తేడా పెరుగుతుందే తప్ప తరగదు. వెంటనే టార్గెటింగ్ వెడల్పు చేయండి. ఒకే జానర్‌కో, ఒకే సాయంత్రపు సమయానికో బిగించి ఉంటే వదలండి. లేదా రెండో ప్లాట్‌ఫామ్ వాటా పెంచండి.

సగటు కాకుండా 1, 2, 3, 4, 5, 6–10, 11+ అని విడగొట్టిన రిపోర్టు అడగండి. వారం క్యాప్ 2 అయినప్పుడు మొదటి వారం రిపోర్టులో 3 దాటిన ఇళ్లు గణనీయంగా కనబడితే క్యాప్ పనిచేయడం లేదన్నట్టే. అయితే ఒక జాగ్రత్త. ఇల్లును ఐపీ అడ్రస్‌తో గుర్తిస్తుంటే, ఒకే అడ్రస్ వెనక పదుల ఇళ్లు ఉండే నెట్‌వర్కుల్లో ఫ్రీక్వెన్సీ లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. ఒకే ఐడీకి వారంలో 60 ఇంప్రెషన్లు అంటే అది బహుశా ఇల్లు కాదు. దీనికి ఉల్టాగా, ఐపీ అడ్రస్ తరచూ మారే చోట ఒకే ఇల్లు మూడు ఇళ్లుగా లెక్కకొచ్చి రీచ్ ఉబ్బుతుంది. రిపోర్టులోని రీచ్ మీరు మొదటి అడుగులో రాసుకున్న మొత్తం ఇళ్ల సంఖ్యను దాటేసిందంటే ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

గంటల వారీ డెలివరీ కూడా ఒకసారి చూడండి. తెల్లవారుజామున 1 నుంచి 5 మధ్య వాటా ఎక్కువగా ఉంటే, టీవీ ఆపేసినా యాప్ నడుస్తూనే ఉన్న సెషన్లు అందులో ఉండొచ్చు. పూర్తిగా చూసినవారి శాతం 95 అని చూపించి ఎవరైనా ధైర్యం చెబితే నమ్మకండి. స్కిప్ చేయడానికి వీల్లేని యాడ్ ఎవరూ లేని గదిలో కూడా పూర్తిగానే నడుస్తుంది.

వారం క్యాప్ వల్ల అదనంగా మిగిలిన 5 లక్షల ఇంప్రెషన్లు ఇంకా చేతిలో ఉన్నాయి. వాటిని మూడో వారం రిపోర్టు వచ్చేదాకా ముట్టుకోకండి. అప్పటికి 1–2 సార్ల వరుస లావుగా ఉంటే అవి ఆ ఇళ్లకే మళ్లీ చేరేలా రీటార్గెటింగ్‌కు ఇవ్వండి. చూడని వరుస లావుగా ఉంటే ఇప్పటివరకు యాడ్ పడిన ఐడీలన్నిటినీ ఎక్స్‌క్లూడ్ చేసి రెండో ప్లాట్‌ఫామ్‌లో నడపండి. ఎక్స్‌క్లూజన్ లిస్టు ఎక్కించడానికి కొన్ని ప్లాట్‌ఫామ్‌లలో రెండు మూడు రోజులు పడుతుంది, ఆ గడువు ముందే కనుక్కోండి.